జవాబుకు గడువు పెట్టడం, జవాబు రాకపోతే ఏం చేస్తామో ముందే చెప్పడం: పని తేదీ ఖరారు చేసే మెసేజ్ రాసే పద్ధతి

"గురువారం మీ తోటకు వస్తాం, వీలు చూసుకుని చెప్పండి." డ్రిప్ బిగించే బృందాలు రైతులకు పంపే మెసేజ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. మర్యాదకు లోటేమీ లేదు. అయితే ఎప్పటిలోగా చెప్పాలో అందులో లేదు. చెప్పకపోతే ఏమవుతుందో అసలే లేదు. రైతు తీరిగ్గా వీలు చూసుకుంటూ ఉంటాడు. బృందం గురువారాన్ని ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటుంది. ఆ రోజు తనకు కావాలని అడిగిన ఇంకో రైతుకు "చూద్దాంలే" అన్న మాటే దక్కుతుంది. బుధవారం రాత్రి దాకా ముగ్గురికీ ఏ సంగతీ తేలదు.

అనంతపురంలో ఉంటూ బుక్కరాయసముద్రం, శింగనమల, నార్పల, గార్లదిన్నె మండలాల పొలాలకు వెళ్లే ఒక చిన్న బృందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక ఫిట్టరు, ముగ్గురు కూలీలు, ఒక మినీ లారీ. తేదీలు కుదిర్చే పని నాది. ఈ పనిలో ఒక మెలిక ఉంది. మేం వెళ్లేసరికి రైతు తన వంతు పని ముగించి ఉండాలి. మెయిన్ పైపు, సబ్‌మెయిన్ పైపు వేసేందుకు రెండడుగుల లోతు కాలువ తవ్వి ఉండాలి. మోటారు నడిచే స్థితిలో ఉండాలి. కాబట్టి రైతు "సరే" అంటే ఆ రోజు ఇంట్లో ఉంటానని మాత్రమే కాదు, కాలువ సిద్ధంగా ఉంటుందని కూడా. మెసేజ్ ఈ రెండో మాటను రాబట్టాలి.

గడువును వెనక నుంచి లెక్కించండి

చాలామంది పని రోజుకు ముందు రోజు సాయంత్రాన్ని గడువుగా పెడతారు. అది తమ లారీ సామాను ఎక్కించే వేళ. ఆ వేళకు "రావద్దు" అన్న జవాబు వచ్చినా ఇక ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ రోజును ఇంకొకరికి ఇచ్చే సమయం అప్పటికే దాటిపోయింది. గడువు పెట్టేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ రోజు ఖాళీ అవుతుందని ఎప్పటికి తెలిస్తే ఇంకొకరికి పనికొస్తుంది?

మా లెక్క ఇలా ఉంటుంది. పని గురువారం ఉదయం 7 గంటలకు. బుధవారం సాయంత్రం కూలీలకు ఫలానా ఊరని చెప్పాలి, ఆ పొలానికి కావలసిన సైజు పైపులు, ఎల్బోలు, ఎండ్ క్యాపులు, ఫిల్టరు లారీకి ఎక్కించాలి. మొదటి రైతు కాదంటే రెండో రైతును పిలవాలి. ఆయనకూ కాలువ తవ్వించుకోవడానికి జేసీబీ దొరకాలి, లేదా కూలీలు దొరకాలి. దానికి ఒక పగలంతా కావాలి, అంటే బుధవారం పూర్తిగా ఆయనది. అలాంటప్పుడు మొదటి రైతు సంగతి మంగళవారం రాత్రికి తేలిపోవాలి. అందుకని గడువు మంగళవారం సాయంత్రం 7 గంటలు అయింది. పని గురువారం అయితే గడువు మంగళవారం ఏమిటని రైతులు అడుగుతారు. "మీరు కాదంటే తవ్వుకోవడానికి ఇంకొకరికి ఒక పగలు కావాలి కదా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

గడువు వేళను అవతలి మనిషి దినచర్య కూడా నిర్ణయిస్తుంది. తోటలో ఉన్న రైతు ఫోను చూసేది చీకటి పడ్డాకే. వ్యవసాయ కరెంటు పగటి పూట వస్తుంది కాబట్టి మోటారు దగ్గర పని, తడి మార్చడం అన్నీ ఆ వేళల్లోనే. మధ్యాహ్నం 12 గంటలను గడువుగా పెడితే రైతు దాన్ని చూసేసరికి అది దాటిపోయి ఉంటుంది. మెసేజ్ పంపిన వేళకూ గడువుకూ మధ్య కనీసం ఒక పూర్తి సాయంత్రం ఉండాలి. మంగళవారం గడువు అయితే ఆదివారం సాయంత్రం పంపాలి. ఇంట్లో మాట్లాడుకోవడానికి, జేసీబీ వాణ్ని అడగడానికి ఆయనకు వ్యవధి దొరుకుతుంది.

మెసేజ్‌లో చెప్పిన గడువు వేరు, మనం నిజంగా ఆ రోజును ఇంకొకరికి ఇచ్చే వేళ వేరు. ఈ రెంటికీ మధ్య ఒక గంట దాచుకోండి. 7 గంటలని రాసి 8కి రెండో రైతుకు ఫోన్ చేస్తాం. ఈ గంట ఉందని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. చెప్పారంటే 8 గంటలే గడువు అయి కూర్చుంటుంది.

మౌనానికి అర్థం ఏమిటో మీరే రాసిపెట్టండి

మౌనం అర్ధాంగీకారం అని మన సామెత. తేదీలు కుదిర్చేవాళ్లు నమ్మకూడని సామెత అది. జవాబు రాకపోవడానికి అంగీకారం, అయిష్టం, ఫోనులో చార్జింగ్ లేకపోవడం, అన్నదమ్ములు ఇంకా ఒక మాట మీదికి రాకపోవడం, ఏదైనా కారణం కావచ్చు. మౌనానికి అర్థం వెతకడం వృథా ప్రయాస. దానికి ఏ అర్థం తీసుకుంటామో మెసేజ్‌లోనే చెప్పేస్తే వెతికే పని ఉండదు.

తీసుకోగల అర్థాలు మూడు రకాలు. మొదటిది, ఆ రోజును వదిలేయడం: "జవాబు రాకపోతే గురువారం వేరేవాళ్లకు ఇస్తాం." రెండోది, అనుకున్నట్టే సాగడం: "జవాబు రాకపోతే గురువారం వస్తున్నాం." మూడోది, జరపడం: "జవాబు రాకపోతే మీ పనిని వచ్చే వారం జాబితాలోకి మారుస్తాం."

వీటిలో ఏది రాయాలో తేల్చడానికి నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను. మెసేజ్ రైతు కంట పడనే లేదనుకుందాం. అప్పుడు మనం చేసిన పని వల్ల ఎవరికి నష్టం, ఆ నష్టాన్ని మళ్లీ సరిదిద్దవచ్చా? రోజు వదిలేస్తే రైతుకు కొన్ని రోజుల ఆలస్యం, అది సరిదిద్దగలిగేదే. జవాబు లేకుండా వెళ్లిపోతే? కాలువ తవ్వి ఉండదు, నలుగురి కూలి, డీజిల్ దండగ. పైగా రైతు ఊళ్లో లేనప్పుడు ఆయన పొలంలో పైపులు పరిచారన్న మాట వస్తుంది. కాబట్టి మొదటిసారి అడుగుతున్న తేదీకి వదిలేయడమే సరైనది. వదిలేసి ఊరుకోకుండా జరపడాన్ని కూడా దానికి జోడిస్తే రైతు తన వరుస పోయిందని కంగారు పడడు.

అనుకున్నట్టే సాగడమన్నది ఒక్కచోటే కుదురుతుంది. ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఖరారు చేసుకున్న తేదీలో చిన్న మార్పు వచ్చినప్పుడు. ఉదాహరణకు, 7 గంటలకు బదులు 8 గంటలకు వస్తామని చెప్పేటప్పుడు "ఇబ్బంది ఉంటే రాత్రి 8 లోగా చెప్పండి, లేకపోతే 8 గంటలకే వస్తాం" అనవచ్చు. పని ఒప్పుకోవడం ఎప్పుడో జరిగిపోయింది, మారింది గంట మాత్రమే.

డబ్బు విషయంలో మాత్రం మౌనాన్ని వాడుకోకండి. "జవాబు రాకపోతే అడ్వాన్సులో 500 పట్టుకుంటాం", "జవాబు రాకపోతే పెద్ద ఫిల్టరే ఖాయం చేస్తాం" లాంటివి చెల్లవు, మంచివీ కావు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిపాదనకు అవతలి మనిషి తన సమ్మతి తెలియజేయాలి. సాధారణంగా ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అవతలి మనిషిని ఊరుకున్నందుకు బాధ్యుణ్ని చేసే వాక్యం రాయకూడదు. ఊరుకుంటే మనం ఏం చేస్తామో చెప్పే వాక్యమే రాయాలి. "రోజు ఇంకొకరికి ఇస్తాం" అన్నది మన చేతిలో ఉన్న పని గనక చెల్లుతుంది.

ఇంకొక నియమం. నిజంగా చేయలేనిది రాయవద్దు. వరుసలో ఇంకెవరూ లేనప్పుడు "వేరేవాళ్లకు ఇస్తాం" అని బెదిరించి, గడువు దాటాక కూడా వెళ్లి పని చేసి వస్తే, తర్వాత నుంచి ఆ ఊళ్లో మీ గడువును ఎవరూ లెక్కచేయరు. ఎవరూ లేకపోతే "ఆ రోజు గోడౌన్ పని పెట్టుకుంటాం" అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

మెసేజ్ రాయడం

వరుస ముఖ్యం. ఏ పని, ఏ రోజు, రైతు వైపు నుంచి ఏం సిద్ధం కావాలి, ఎప్పటిలోగా చెప్పాలి, చెప్పకపోతే ఏం జరుగుతుంది, ఎలా చెప్పాలి. ఇది ఇలాగే సాగితే చదివేవాడి కన్ను తడబడదు. నార్పల వైపు ఉన్న ఒక చీనీ తోటకు పంపిన మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్కారం అన్నా. మీ చీనీ తోటలో డ్రిప్ బిగించడానికి 18వ తేదీ గురువారం ఉదయం 7 గంటలకు వస్తాం. అప్పటికి మెయిన్ పైపు కాలువ రెండడుగుల లోతున తవ్వి ఉండాలి, మోటారు నడుస్తూ ఉండాలి.
16వ తేదీ మంగళవారం సాయంత్రం 7 గంటల లోగా చెప్పండి. అప్పటికి మీ నుంచి కబురు రాకపోతే 18వ తేదీని మీ వైపే ఉన్న ఇంకో రైతుకు ఇచ్చి, మీ పనిని 22 నుంచి మొదలయ్యే వారానికి మారుస్తాం. మీ వరుస ఎక్కడికీ పోదు.
కుదిరితే 'సరే' అని, కుదరకపోతే 'వద్దు' అని పంపితే చాలు. ఫోన్ చేసినా సరే."

ఇందులో తేదీ, వారం, గంట మూడూ ఉన్నాయి. "రేపు", "ఎల్లుండి" అనకూడదు, ఎందుకంటే ఆదివారం పంపిన మెసేజ్‌ను సోమవారం చదివితే "ఎల్లుండి" ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. "మంగళవారం లోపు" అని ఊరుకుంటే మంగళవారం కూడా కలిసిందా లేదా అన్న పేచీ. "రాత్రి 12 గంటలు" అయితే ఏ రోజు రాత్రో తెలియదు. సాయంత్రం 7 అన్నప్పుడు ఈ తగాదాలేవీ ఉండవు.

"వద్దు" అనడానికి దారి ఇవ్వడం ఇందులో కీలకం. మన వైపు చాలామంది మొహమాటంతోనే ఊరుకుంటారు. పిలిచిన మనిషికి కాదని చెప్పడం ఇబ్బంది. ఒక్క పదంతో, కారణం చెప్పనక్కరలేకుండా కాదనే వీలుంటే ఆ మౌనం చాలావరకు తగ్గిపోతుంది. నాకు తెలిసినంతలో గడువు పెట్టడం కంటే ఈ ఒక్క వాక్యం ఎక్కువ జవాబులు తెస్తుంది.

"మీ వరుస ఎక్కడికీ పోదు" అన్నది ఊరికే తీపి మాట కాదు. ఆ భరోసా లేకపోతే కాలువ తవ్వడం కుదరని రైతు కూడా వరుస పోతుందన్న భయంతో "సరే" అనేస్తాడు. ఆ "సరే" మౌనం కంటే చేటు.

అదే మాటను బెదిరింపుగా రాయడం తేలికే. "జవాబు ఇవ్వకపోతే మీ తేదీ రద్దు" అన్నదీ, పై వాక్యమూ చెప్పేది ఒకటే. మొదటిది రైతును శిక్షిస్తున్నట్టు ఉంటుంది, రెండోది మనం చేయబోయే పని చెబుతుంది. వాక్యానికి కర్త "మేం" అయితే కటువు దానంతట అదే తగ్గుతుంది.

చేరిందో లేదో చూసుకోండి

గడువు, పర్యవసానం రెండూ మెసేజ్ అవతలికి చేరినప్పుడే వర్తిస్తాయి. వాట్సాప్‌లో ఒక్క టిక్కు ఉంటే అది ఆ ఫోనుకు చేరనే లేదు. రెండు బూడిద రంగు టిక్కులుంటే చేరింది, నీలి రంగు వస్తే తెరిచారు. నీలం రాకుండా ఆపుకునే సెట్టింగ్ ఉంది గనక బూడిద రంగును చూసి చదవలేదని తీర్మానించకండి. ఒకే మెసేజ్‌ను బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టి పదిమందికి పంపేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. రైతుల్లో సగం మంది మిమ్మల్ని నంబరుతోనే గుర్తుపడతారు, పేరు సేవ్ చేసుకోరు.

గడువు రోజు ఉదయానికి ఇంకా ఒక్క టిక్కే ఉంటే ఫోన్ చేయాలి. దొరకకపోతే సాదా ఎస్సెమ్మెస్ పంపాలి. అదీ కుదరకపోతే ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా కబురు పంపాలి. చేరని మెసేజ్ మీద గడువు అమలు చేయడం న్యాయం కాదు.

రెండు టిక్కులు పడ్డా ఒక చిక్కు ఉండవచ్చు. అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్ల పిల్లలు బెంగళూరులో ఉంటారు. డ్రిప్ కోసం పెట్టిన దరఖాస్తులో ఇచ్చిన నంబరు కొడుకుది అయి ఉంటుంది. మెసేజ్ బెంగళూరులో నీలమవుతుంది, తండ్రి తోటలో ఉంటాడు, కాలువ సంగతి ఇద్దరికీ పట్టదు. అందుకే నంబరు తీసుకునే రోజే అడగాలి: తేదీ సంగతి ఎవరితో ఖాయం చేసుకోవాలి? అవసరమైతే ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపి, "మీలో ఎవరు చెప్పినా చాలు" అని చేర్చాలి. చదవడం కష్టమైన పెద్దలకు వాయిస్ మెసేజ్ పంపవచ్చు. అందులో కూడా గడువు, పర్యవసానం రెండూ పలకాలి. మైకు గుర్తు నీలమైతే విన్నట్టు.

గుర్తుచేయడం ఒక్కసారి చాలు, మంగళవారం ఉదయం: "అన్నా, 18వ తేదీ సంగతి ఈ రోజు సాయంత్రం 7 లోగా చెప్పాలి. లేకపోతే ముందు చెప్పినట్టే వచ్చే వారానికి మారుస్తాం." ఇందులో కొత్త గడువు ఉండకూడదు. గుర్తుచేసిన ప్రతిసారీ గడువు జరిపితే మూడోసారి పెట్టేదే అసలు గడువని అవతలివాళ్లు అనుకుంటారు. అలా అనుకోవడం వాళ్ల తప్పు కాదు.

"చూస్తాను" అన్నది జవాబా?

కాదు. ఇక్కడే చాలామంది మెత్తబడతారు. "చూస్తానన్నా", "మా తమ్ముణ్ని అడగాలి", చేతులు జోడించిన బొమ్మ, బొటనవేలి బొమ్మ, ఇవన్నీ మెసేజ్ అందిందని చెబుతాయి. కాలువ తవ్వి ఉంటుందని చెప్పవు. బొటనవేలి బొమ్మ వస్తే నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: "బుధవారం రాత్రికి కాలువ తవ్వేసి ఉంటుంది కదా?" దానికి "ఉంటుంది" వస్తే ఖరారు. "తమ్ముణ్ని అడగాలి" అన్నవాళ్లకు "తప్పకుండా అడగండి, 7 గంటల దాకా రోజు మీ పేరు మీదే ఉంచుతాను" అంటాను. గడువు మారలేదు, మాట మెత్తగా ఉంది.

షరతు పెట్టే జవాబులు వేరు. "జేసీబీ దొరికితే సరే" అని వస్తే ఆ షరతు ఎప్పటికి తేలుతుందో అడగాలి. గడువులోగా తేలితే ఆగవచ్చు. బుధవారం మధ్యాహ్నానికి గాని తేలదంటే అది ప్రస్తుతానికి "వద్దు" కిందే లెక్క. ఆ మాట ఆయనకు చెప్పి వచ్చే వారంలో పెట్టడమే మేలు.

గడువు దాటాక

పైన చెప్పిన నార్పల మెసేజ్ ఎలా నడిచిందో చూడండి. ఆదివారం సాయంత్రం పంపాం. ఆ రాత్రే రెండు టిక్కులు పడ్డాయి. మంగళవారం ఉదయం గుర్తుచేశాం, జవాబు లేదు. సాయంత్రం 7 దాటింది. 8 గంటలకు శింగనమల వైపు ఉన్న రెండో రైతుకు ఫోన్ చేశాం. ఆయన టమాటా పొలానికి కాలువ సగం తవ్వి ఉంది, మిగతాది బుధవారం ముగిస్తానన్నాడు. ఖరారైంది. రెండో రైతును కూడా అదే దిక్కున వెతకడంలో అర్థం ఉంది. ఆ వైపు గోడౌన్ నుంచి సామాను, అటు తెలిసిన కూలీలు, దారి అన్నీ కలిసివస్తాయి. గార్లదిన్నె రైతును పిలిచి ఉంటే లారీ పూర్తిగా వేరే దారి పట్టాలి.

అది ఖరారైన వెంటనే మొదటి రైతుకు మెసేజ్ పెట్టాం: "అన్నా, 7 లోగా కబురు రాలేదు కాబట్టి 18వ తేదీని వేరే రైతుకు ఇచ్చాం. మీ పని వచ్చే వారం జాబితాలో ఉంది. కొత్త తేదీ శనివారం లోగా మేమే చెబుతాం." ఈ మూడు వాక్యాలు రాయడం చాలామంది మానేస్తారు, ముందే చెప్పాం కదా అని. మానేస్తే రైతు బుధవారం కాలువ తవ్వించి గురువారం ఉదయం ఎదురుచూస్తాడు. మౌనానికి మనం తీసుకున్న అర్థాన్ని అమలు చేశామని చెప్పడం కూడా మన బాధ్యతే.

బుధవారం పొద్దున ఆయన ఫోన్ చేశాడు. పెళ్లికి వెళ్లానని, ఇప్పుడు తవ్విస్తున్నానని. ఇలాంటప్పుడు రోజు తిరిగి ఆయనకు ఇస్తే రెండో రైతుకు అన్యాయం. ఆయన అప్పటికే జేసీబీకి డబ్బు కట్టి ఉంటాడు. "గురువారం ఇచ్చేశామన్నా. 22 సోమవారం మొదటి పని మీదే, ఇప్పుడే ఖరారు చేసుకుందామా?" అన్నాను. ఆలస్యంగా వచ్చిన "సరే"ని కొత్త తేదీకి వచ్చిన "సరే"గా మలుచుకోవడం ఒక్కటే ఇక్కడ చేయగలిగింది. ఆలస్యానికి కారణం అడగలేదు, అడగవలసిన పనీ లేదు. రెండో రైతు ఖరారు కాకముందే ఆయన ఫోన్ వచ్చి ఉంటే, గడువు దాటినా రోజు ఆయనకే ఇచ్చేవాణ్ని. దాచుకున్న గంట అందుకే.

ఈ పద్ధతి కుదరని చోట్లు

మోటారు కాలి పంట ఎండుతున్నప్పుడు గడువు మెసేజ్‌లు పంపకూడదు, ఫోన్ చేసి వెంటనే తేల్చుకోవాలి. మనమే ఆలస్యంగా అడిగినప్పుడు కూడా ఇది పనికిరాదు. బుధవారం మధ్యాహ్నం మెసేజ్ పెట్టి సాయంత్రం 5 లోగా చెప్పమనడం, చెప్పకపోతే రోజు పోయిందనడం మన ఆలస్యాన్ని రైతు నెత్తిన రుద్దడమే. కాలువ తవ్వడంలో ఇద్దరు ముగ్గురు గట్టు పొరుగువాళ్లు ఒప్పుకోవలసిన పొలాలకు మెసేజ్ ఇంకా రెండు మూడు రోజులు ముందే పంపాలి. ఒక ఇంటివాళ్లు నిర్ణయించుకునేంత వేగంగా నలుగురు నిర్ణయించుకోలేరు.

ఇక ఖరారైన తర్వాత మన మౌనానికి కూడా అర్థం చెప్పాలి. "సరే" అని పంపిన రైతు బుధవారం రాత్రి వాన పడితే వస్తారో రారో అని ఆలోచిస్తాడు. తడిసిన నల్లరేగడిలోకి లారీ దిగదని ఆయనకూ తెలుసు. అందుకని ఖరారు మెసేజ్ చివర ఈ వాక్యం చేరుస్తాం: "వాన వల్ల రాలేకపోతే గురువారం ఉదయం 5 గంటలకు మేమే ఫోన్ చేస్తాం. ఫోన్ రాకపోతే 7 గంటలకు మీ తోటలో ఉంటాం." వాన పడిన రాత్రి ఆ 5 గంటల ఫోన్ చేయడానికి అలారం పెట్టుకోవలసింది తేదీలు కుదిర్చే మనిషే, ఫిట్టరు కాదు.